రోజూ కొత్త మొహాలొచ్చే ఊళ్ళో, మచ్చతో కౌంటర్లో కూర్చోవడం

ప్రశ్న: నాకు 23 ఏళ్ళు. పుట్టుకతోనే ఎడమ చెంప మీద, కంటి రెప్ప దాకా ఎర్రటి మచ్చ ఉంది. మాది చిత్తూరు దగ్గర పల్లె. పోయిన నెల తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో చేరాను. ఊళ్ళో నన్నెవరూ వింతగా చూడరు. ఇక్కడ రోజంతా కొత్తవాళ్ళే, అందరూ చూస్తారు, సగం మంది అడుగుతారు. మాస్క్ వేసుకుని కూర్చుంటే సరిపోతుందా? లేక ఉద్యోగం మానేసి ఊరికి పోవడమే మంచిదా? ఇలాంటి మచ్చ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సమాధానం:

చెల్లీ, నాకు 48. నాది కుడి చెంప, నుదుటి నుంచి పై పెదవి దాకా. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక ఇత్తడి సామాన్ల కొట్లో 22 ఏళ్ళుగా కౌంటర్ మీద ఉన్నా. నీది ఎడమ, నాది కుడి. పక్కపక్కన నిలబడితే ఇద్దరం కలిసి ఒక మొహానికి సరిపోతాం.

ఊళ్ళోవాళ్ళు మంచోళ్ళు, తిరుపతికి వచ్చేవాళ్ళు చెడ్డోళ్ళు అనుకోకు. ఊళ్ళోవాళ్ళూ చూశారు. కాకపోతే నువ్వు ఒళ్ళో ఉన్నప్పుడే చూసి, మీ అమ్మను అడగాల్సినవన్నీ అడిగేసి, నీకు ఊహ తెలిసేసరికి ఆ పని ముగించేశారు. ఇక్కడ ఆ లెక్క రోజూ సున్నా నుంచి మొదలవుతుంది. పొద్దున రూము తీసుకున్న కుటుంబం సాయంత్రానికి నీ మొహానికి అలవాటు పడుతుంది, మర్నాడు ఖాళీ చేసి పోతుంది. ఆ రూములోకి ఇంకో కుటుంబం దిగుతుంది. అందుకే 'కొన్నాళ్ళు పోతే అలవాటు పడతార్లే' అనే ఓదార్పు ఈ ఊళ్ళో పనికిరాదు. వాళ్ళెప్పుడూ అలవాటు పడరు. మనకు చేతనవ్వాల్సింది ఒక కొత్త మనిషితో మొదటి పది సెకన్లు ఎట్లా గడపాలన్నది. అదొక్కటి వస్తే మిగతా పని అందరిలాగే చేసుకోవచ్చు.

ముందు నీ కుర్చీ సంగతి చెప్పు. నేను పనిలో చేరిన కొత్తల్లో కౌంటర్‌కు కుడివైపు గోడ ఉండేది. గోడ పక్కకి మచ్చ, కొనేవాళ్ళ వైపు మంచి చెంప వచ్చేట్టు కుర్చీ తిప్పుకుని కూర్చునేదాన్ని. బిల్లు రాసేటప్పుడూ, చిల్లర ఇచ్చేటప్పుడూ తల అదే పక్కకి ఉండేది. రాత్రికి మెడ పట్టేసేది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది, అది తెలియడానికి నాకు ఏడాదిపైన పట్టింది. నా మంచి చెంప చూసి రెండు నిమిషాలు మామూలుగా మాట్లాడిన మనిషి, చెంబు తూకం వేయడానికి నేను ఇటు తిరగ్గానే ఉలిక్కిపడేవాడు. మాట మధ్యలో ఆగిపోయేది. అదే, కొట్లోకి వస్తూనే దూరం నుంచి మచ్చ చూసినవాళ్ళు కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఆ మొదటి చూపు అయిపోయి ఉండేవాళ్ళు. కుర్చీ నేరుగా వాకిలి వైపు తిప్పాక ఉలిక్కిపడేవాళ్ళు బాగా తగ్గారు.

మాస్క్ గురించి నువ్వు అడిగినదానికి నా సమాధానం ఇదే. మాస్క్ వేసుకుంటే చూపులు ఆగుతాయి, కాదనను. కానీ నీళ్ళు తాగడానికి తీస్తావు, ఆధార్ కార్డు చూసి పేరు సరిగ్గా వినపడలేదంటే తీస్తావు. తీసిన ప్రతిసారీ ఎదుటివాడికి అది కొత్తగా కనపడుతుంది. పైగా రోజంతా 'ఎప్పుడు తీయాల్సొస్తుందో' అనే టెన్షన్ నీకు. ఒంట్లో బాగాలేని రోజు, మనసు బాగాలేని రోజు వేసుకో, అందులో తప్పేం లేదు. రోజూ వేసుకుంటే మాత్రం నెల తిరిగేసరికి అది లేకుండా టీ కొట్టుకి కూడా పోలేవు. చున్నీ విషయంలో నాకు అదే జరిగింది, అందుకే చెప్తున్నా. మచ్చ కప్పే క్రీములు కూడా అంతే. పెళ్ళి ఫోటోలకు నేనూ రాసుకున్నా. మే నెల ఎండలో పది గంటల డ్యూటీకి రాసుకోవడం మాత్రం దండగ, చెమటకు చారికలు కడుతుంది.

ఇక చూపుల సంగతి. మనిషి కన్ను మొహంలో తేడా ఉన్నచోటికి దానంతటదే పోతుంది. ఆ మొదటి చూపు వాళ్ళ చేతిలో లేదు, నీ చేతిలోనూ లేదు. ఒకటి రెండు సెకన్లు ఉంటుంది, తర్వాత చూపు పక్కకు పోతుంది, మళ్ళీ ఒకసారి వెనక్కి వస్తుంది. ఆ రెండో చూపు దగ్గరే పని మన చేతిలోకొస్తుంది. మొదటి చూపుకీ రెండో చూపుకీ మధ్య ఉన్న చిన్న ఖాళీలో నువ్వు మాట్లాడేయాలి. 'రండి అన్నా, రూమా? ఎంతమంది?' అని. వాళ్ళ కళ్ళలోకి చూస్తూ, గొంతు కొంచెం పెంచి. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సొచ్చేసరికి ఆ మనిషి బుర్ర రూము మీదికి పోతుంది. బస్సులోనో, బజార్లోనో ఎదురుపడిన మనిషికి ఏం మాట చెప్తాం? కౌంటర్లో ఉన్న మనకు మాత్రం మొదటి మాట అనే హక్కు ఉంది. నువ్వు తలదించుకుని రిజిస్టర్ చూస్తూ కూర్చుంటే ఆ హక్కు వదిలేసుకున్నట్టే. తలదించుకున్న మనిషిని ఎంతసేపైనా చూడొచ్చు కదా, పట్టుకునేవాళ్ళు ఉండరు.

'అందరూ చూస్తారు' అని రాశావు. ఆ 'అందరూ' అన్న మాట గురించి నీకొక ప్రయోగం చెప్పాలి. 1980లో అమెరికాలో క్లెక్, స్ట్రెంటా అనే ఇద్దరు మానసిక శాస్త్రజ్ఞులు చేశారు. కొందరి మొహాల మీద మేకప్‌తో గాయం మచ్చ లాంటిది వేసి, అద్దంలో చూపించారు. 'ఇప్పుడు పోయి ఒక కొత్త మనిషితో మాట్లాడండి, మీ మచ్చను చూసి వాళ్ళెట్లా ప్రవర్తిస్తారో గమనించండి' అన్నారు. పంపించే ముందు, మచ్చ ఎండి పగలకుండా కొంచెం క్రీము రాస్తామని చెప్పి, ఆ వంకతో మచ్చను పూర్తిగా తుడిచేశారు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు. మామూలు మొహంతో పోయి మాట్లాడి వచ్చి కూడా, ఎదుటివాళ్ళు తమ మచ్చ వల్ల ఇబ్బంది పడ్డారనే చెప్పారు.

దీన్ని పట్టుకుని 'అదంతా నీ భ్రమ' అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట పట్టించుకోకు. 1982లో ఇంగ్లండులో రమ్సే, ఆమె తోటివాళ్ళు ఇంకోటి చేశారు. ఒకే మనిషి మామూలు మొహంతోనూ, మొహం మీద మచ్చ వేసుకునీ వీధిలో నిలబడితే, పక్కన నిలబడేవాళ్ళు ఎంత దూరంలో, ఏ పక్కన నిలబడుతున్నారో చూశారు. మచ్చ ఉన్నప్పుడు జనం ఎక్కువ దూరంలో నిలబడ్డారు, అదీ మచ్చ లేని చెంప వైపు. అంటే జరిగేది నిజంగానే జరుగుతుంది. దాని మీద మనం మన మనసులో ఇంకొంత కలుపుకుంటాం. ఎంత జరిగింది, ఎంత కలుపుకున్నాం అన్నది ఊహిస్తే తేలదు, లెక్కపెట్టాల్సిందే.

నేను ఒక పెరటాసి శనివారం లెక్కపెట్టాను. బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రెండు గళ్ళు గీసి, రెండోసారి చూసినవాళ్ళకు ఒక గీత, నోరు తెరిచి అడిగినవాళ్ళకు ఇంకో గళ్ళో గీత. ఆ నెలలో అరవం వాళ్ళ రద్దీ నీకు తెలుసు కదా, కొట్టు పట్టనంత జనం. రాత్రి షట్టర్ దించేటప్పుడు 'ఈ రోజు ఒక యాభై మంది అడిగుంటారు' అనుకుంటూ చూస్తే అడిగినవాళ్ళ గళ్ళో ఏడు గీతలున్నాయి. ఏడుగురూ తక్కువేం కాదు, ఆ ఏడుసార్లూ గుండె దడదడలాడింది నిజమే. కానీ ఏడుగురికి జవాబు సిద్ధం చేసుకోవడం వేరు, ఊరంతటికీ భయపడటం వేరు. నువ్వూ ఒక రోజు లెక్కపెట్టు. రద్దీ రోజే పెట్టు.

ఇప్పుడు ఆ ఏడుగురికి చెప్పే జవాబు. మొహం మీద మచ్చలున్నవాళ్ళ కోసం ఇంగ్లండులో చేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ ఉంది. జేమ్స్ పార్ట్రిడ్జ్ అనే ఆయన 1992లో పెట్టాడు. 18 ఏళ్ళప్పుడు కారు ప్రమాదంలో మంటలంటుకుని మొహం కాలిన మనిషి. వాళ్ళు నేర్పే పద్ధతిలో మూడు మెట్లున్నాయి: ఏమిటో చెప్పడం, భయం లేదని చెప్పడం, మాట మళ్ళించడం. అది చదివాక నేను తయారుచేసుకున్న వాక్యం ఇది: 'పుట్టుకతోనే ఉందమ్మా, నొప్పీ లేదు, అంటేదీ కాదు. మీకు చెంబు ఎంత సైజుది కావాలి?' నీకైతే చివర 'రూము ఏసీనా, నాన్ ఏసీనా?' అంతే. ఒక ఊపిరిలో అయిపోవాలి.

ఇందులో మూడో ముక్క చిన్నదిగా కనపడుతుంది కానీ అదే ముఖ్యం. అది లేకుండా ఆగావంటే ఎదుటివాళ్ళు ఆ ఖాళీని వాళ్ళ మాటతో నింపుతారు. ఒకసారి ఏమైందో చెప్తాను. కాంచీపురం పక్క నుంచి వచ్చిన పెద్దావిడ, కొడుకూ కోడలితో. దీపపు కుందులు బేరం చేస్తూ చేస్తూ నా మొహం చూసి, 'ఎన్నాచ్చు మా?' అంది. ఏమైందమ్మా అని. గొంతులో జాలే తప్ప ఇంకేం లేదు. నేను వచ్చీరాని అరవంలో మచ్చ ఎట్లా వచ్చిందో, డాక్టరు ఏమన్నాడో, చిన్నప్పుడు ఏమేం పూశారో మొత్తం చెప్పుకొచ్చాను. ఆవిడ కుందులు పక్కన పెట్టేసింది. పొద్దున్నే పాచి ఉమ్మి నలభై రోజులు రాయమంది. మీ అమ్మ గ్రహణం రోజు బయట తిరిగిందా అంది. పెళ్ళయిందా అంది. వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా వంగి చూడటం మొదలుపెట్టారు. ఓనర్ దగ్గరికొచ్చి 'ఏం జరుగుతోంది' అన్నాడు. కుందులు అమ్ముడుపోలేదు, ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

తప్పు ఆవిడది కాదు. జాలిపడిన మనిషికి అంత పెద్ద కథ చెప్తే, తనూ ఏదో ఒక సాయం చేయాలనుకుంటుంది. మందు చెప్పడమే ఆమెకు తెలిసిన సాయం. మళ్ళీ ఏడాది అచ్చం అలాంటి ఇంకో అవ్వ అడిగింది. 'పిరందదులెందే ఇరుక్కు మా, వలి ఇల్ల. ఇంద విళక్కు పాత్తీంగళా?' అన్నా. పుట్టినప్పటి నుంచి ఉందమ్మా, నొప్పి లేదు, ఈ దీపం చూశారా అని. ఆమె దీపం చేతిలోకి తీసుకుని బరువు చూసింది. అంతే. ఒక మంచి మాట ఏదో అని, రెండు కొనుక్కుపోయింది. కన్నడం వాళ్ళకు 'హుట్టిదాగిందానూ ఇదె' చాలు. లాడ్జి రిసెప్షన్‌కు ఈ మూడు భాషల్లో ఒక్కొక్క వాక్యం వస్తే నీకు నూటికి తొంభై వంతులు గడిచిపోతుంది.

అయినా కొందరు రెండో ప్రశ్న వేస్తారు. వాళ్ళ కోసం ఇంకో వాక్యం దగ్గర పెట్టుకో, వివరం లేనిది: 'చూపించుకున్నాం అన్నా, అంతా బాగానే ఉంది. ఆధార్ ఇస్తారా?' మూడోసారి అడిగితే జవాబు ఉండదు, పని మాత్రమే ఉంటుంది. ఇంకో రకం కూడా నీకు తగులుతారు. మచ్చ కొంచెం ఊదా రంగులో ఉంటే, 'మొగుడు కొట్టాడా' అనో, 'యాసిడ్ పోశారా' అనో గొంతు తగ్గించి అడిగే ఆడవాళ్ళు. వాళ్ళను విసుక్కోకు. నిజంగా దెబ్బలు తిన్నదాన్ని చూసి ఉంటారు. 'లేదక్కా, పుట్టుమచ్చే' అంటే చాలు.

గ్రహణం మాట దగ్గర మాత్రం నేను ఒక్క వాక్యం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అది మనకు కాదు, మన అమ్మలకు తగిలే దెబ్బ. మా అమ్మ తను గ్రహణం రోజు కూరగాయలు తరిగిందనీ, అందుకే నాకిట్లా అయిందనీ చాలా ఏళ్ళు బాధపడింది. నీది నాలాంటి మచ్చే అయితే, డాక్టర్లు దీన్ని పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు. చర్మంలోని సన్నటి రక్తనాళాలు ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉండిపోవడం వల్ల ఆ ఎరుపు వస్తుంది. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఒక కణంలో జీనాక్ అనే జన్యువు మారడం వల్ల ఎక్కువమందికి ఇది వస్తుందని 2013లో తేల్చారు. ఆ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో రాదు, అందుకే సాధారణంగా మన నుంచి పిల్లలకూ పోదు. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు మనసులో పెట్టుకుని అడగలేని ప్రశ్న ఇదే, కాబట్టి మీ అమ్మకు ఈ మాట వచ్చేట్టు చెప్పిపెట్టు. ఇంకొకటి, చూపులకు సంబంధం లేనిది, అయినా వదలకు. రెప్ప దాకా ఉందన్నావు. రెప్ప మీద ఈ మచ్చ ఉన్నవాళ్ళకు కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా వచ్చే అవకాశం ఉంది, అది నొప్పి లేకుండా చూపు తినేస్తుంది. ఏటా ఒకసారి కంటి డాక్టరు దగ్గర ప్రెషర్ చూపించుకో. లేజర్ గురించి అడగాలనుకుంటే చర్మం డాక్టరుని అడుగు. చాలాసార్లు చేయించుకోవాలి, రంగు పలచబడుతుంది, చాలామందికి పూర్తిగా పోదు. చేయించుకున్నా చేయించుకోకపోయినా రేపు పొద్దున్నే కౌంటర్‌లో కూర్చునేది నువ్వే, కాబట్టి ఆ వాక్యాలు నేర్చుకోవడం వాయిదా వేయకు.

చిన్నపిల్లలు సులువు. 'అమ్మా, ఆంటీ మొహానికి రంగు ఎవరు పూశారు?' అని గట్టిగా అంటారు. తల్లి సిగ్గుపడి పిల్లను ఒకటి అంటించేలోపు నువ్వే వంగి, 'రంగు కాదు నాన్నా, కడిగినా పోదు, చూడు' అని వేలితో రుద్ది చూపించు. పిల్లల ఆసక్తి అక్కడితో తీరిపోతుంది. తల్లి మొహం కూడా తేరుకుంటుంది.

కష్టమైనవాళ్ళు వేరే ఉన్నారు. తెల్లవారుజామున దర్శనానికి బయల్దేరుతూ తాళం ఇవ్వడానికి వచ్చి, నిన్ను చూసి మొహం తిప్పుకుని, తాళం బల్ల మీద పడేసి పోయేవాళ్ళు. ఎదురొచ్చిందని గొణిగేవాళ్ళు. నాకు ఒకాయన బోణీ బేరం వదిలేసి, నేను లేచి లోపలికి పోయాక మళ్ళీ వచ్చి కొన్నాడు. వీళ్ళకు పై మాటలేవీ పనిచేయవు, ఎందుకంటే వాళ్ళు ఏమీ అడగరు. వాళ్ళను మార్చే ప్రయత్నం నేను చేయను. తాళం తీసుకుని రిజిస్టర్‌లో టైము రాసుకో, తర్వాతి మనిషిని పిలువు. మనసులో అనుకోవడానికి ఒక్క మాట పెట్టుకో. నాది 'వీళ్ళు మధ్యాహ్నానికి బస్సెక్కుతారు.' ఫోన్ ఎత్తి ఫోటో తీసేవాళ్ళ విషయంలో మాత్రం ఊరుకోవద్దు. 'అన్నా, అది డిలీట్ చేయండి' అని అందరికీ వినపడేట్టు అను, చేసేదాకా తాళం చేతికివ్వకు. ఈ సంగతి ముందే మీ మేనేజర్‌తో మాట్లాడి పెట్టుకో, ఆయన నీ పక్కన నిలబడతాడో లేదో ఆ రోజు తెలుసుకోవడం కంటే ఈ రోజు తెలుసుకోవడం మేలు. నిలబడనంటే, ఉద్యోగం మారడానికి అది సరైన కారణం. చూపులు కారణం కాదు.

నేర్చుకోవడం మాత్రం నేరుగా కౌంటర్ మీద మొదలుపెట్టకు, అక్కడ తప్పితే బేరమూ పోతుంది, ధైర్యమూ పోతుంది. మొదటి వారం డ్యూటీ అయ్యాక బస్టాండ్ ఎదురుగా ఏదో ఒక టీ కొట్టు దగ్గర, చున్నీ దించి, నువ్వే ముందు మాట్లాడి టీ అడుగు. రోజూ వేరే కొట్టు. టీ తాగినంతసేపే ఉండు, మధ్యలో ఫోన్‌లోకి తలదూర్చకు. మొదటి రోజు గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది, నాలుగో రోజుకు టీలో చక్కెర ఎక్కువైందని గమనించగలుగుతావు. ఆ గమనించడమే గుర్తు, నీ ధ్యాస మచ్చ మీద నుంచి కదిలిందని. రెండో వారం చిత్తూరు బస్సులో కిటికీ వైపు కాకుండా ఇటు సీట్లో కూర్చో. ఆ తర్వాత కౌంటర్లో, పొద్దున చెకౌట్ రద్దీలో కాకుండా, మధ్యాహ్నం పలచగా ఉండేటప్పుడు వాక్యం వాడి చూడు.

అరవం వాక్యం మాత్రం ముందు మీ లాడ్జి స్వీపర్లలో ఎవరికైనా అరవం వస్తే వాళ్ళ దగ్గర పలికి చూపించు. నేను 'వలి' అనే మాటను 'వళి' అని పలుకుతూ, నొప్పి లేదు అనబోయి దారి లేదు అని ఆరు నెలలు చెప్పానట. మా కొట్లో బరువులు మోసే తాత చెప్పేదాకా నాకు తెలీదు.